కర్నూలు ఫ్లాట్‌కి ఇన్వర్టర్, బ్యాటరీ: పదేళ్ల లెక్క

అక్కా,

నిన్న ఫోన్లో "ఇన్వర్టర్‌కని ఇరవై ఆరు వేలు పక్కన పెట్టినా, చాలు కదా" అన్నావు. కొనడానికి దాదాపు చాలు. పదేళ్లు నడపడానికి చాలదు. అందుకే ఇక్కడి షాపుల్లో ధరలు అడిగి లెక్క రాశాను. బావకి కూడా చూపించు.

కరెంటు పోతే నీకు కావాల్సినవి మూడు ఫ్యాన్లు (ఒక్కోటి 75 వాట్లు), లైట్లన్నీ కలిపి 75, టీవీ 80, వైఫై 10. మొత్తం 390. ఫ్రిజ్, మిక్సీ దీని మీద వేయొద్దు. 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి సరిపోతాయి. 12 వోల్టుల బ్యాటరీ కాబట్టి లెక్కకు 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోను చేతికొచ్చేది సుమారు 1,200. అన్నీ వేస్తే మూడు గంటలు. రాత్రి రెండు ఫ్యాన్లే అయితే ఏడు గంటల దాకా లాగుతుంది.

ఇన్వర్టర్ 7,500, బ్యాటరీ 15,500, ట్రాలీ 1,000, వైరింగు, కూలీ 2,500. మొదటిరోజు ఖర్చు 26,500.

అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. బ్యాటరీకి ఐదేళ్లు వారంటీ అంటారు గానీ, ఉచితంగా మార్చేది మొదటి మూడేళ్లే. ఆ పైన కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారంతే. వేడికి బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది. మన ఎండలకు నాలుగేళ్లే వేసుకున్నాను. నాలుగో ఏట ధర 17,000 అనుకుంటే, పాతది సీసం బరువుకు 3,500 పోను 13,500. ఎనిమిదో ఏట ఇలాగే 15,000. డిస్టిల్డ్ వాటర్, సర్వీసు ఏడాదికి 500 చొప్పున 5,000. ఊరికే ఆన్‌లో ఉన్నా ఇన్వర్టర్ నెలకు పది యూనిట్లు తింటుంది. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా పదేళ్లకు 7,200.

మొత్తం 67,200. నెలకు 560. (పదో ఏట చివరికి మూడో బ్యాటరీకి ఇంకో రెండేళ్ల ఆయుష్షు ఉంటుంది, అది లాభం.)

ఇవాళ్టి నుంచే నెలకు 300 బ్యాటరీ పేరుతో వేరే దాచు. నాలుగేళ్లకు 14,400 అవుతుంది, అప్పు చేయక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. పడమటి బాల్కనీలో పెట్టొద్దు. మా పాత బ్యాటరీ అక్కడే ఉండేది. మే నెలలో పైన చేయి పెడితే కాలేది. నీళ్ల సూచికలు ఎర్రగీత దిగిపోయినా మేము చూడలేదు. టెర్మినల్ చుట్టూ తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుంది. మూడేళ్ల రెండు నెలలకే పోయింది, ఉచితంగా మార్చే గడువు దాటాక. నీకు వంటింటి పక్క వాష్ ఏరియా నీడగా ఉంది, గాలి ఆడుతుంది, అక్కడ పెట్టించు. నీళ్లు రెండు నెలలకోసారి చూడు.

ఆదివారం టేపు తెస్తాను. ట్రాలీ పడుతుందో లేదో కొలుద్దాం, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వు.