మూసారాంబాగ్ పేరా: దిద్దిన ప్రతి

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన పేరా రాత్రి రెండుసార్లు, పొద్దున చాయ్ తాగుతూ ఇంకోసారి చదివాను. ముందు ఇంగ్లిష్‌లో రాసుకుని, తర్వాత మాటకు మాట తెలుగులో పెట్టానని నువ్వే చెప్పావు. చదువుతుంటే అది తెలుస్తోంది. అందులో నీ తప్పేం లేదు, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కదా. కానీ స్కాలర్‌షిప్ ఇచ్చే ఆ ట్రస్టు వాళ్లు వ్యాసం తెలుగులోనే కావాలన్నారు. చదివేవాళ్లు తెలుగు పెద్దవాళ్లు. వాళ్లకు నీ సంగతి సూటిగా చేరాలి.

నువ్వు రాసినది ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను, పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు:

"నేను హైదరాబాద్ లోని మూసారాంబాగ్ లో జన్మించబడిన మరియు పెరిగిన ఒక విద్యార్థిని. నా తల్లి ఒక దర్జీ మరియు ఆమె తన యొక్క కుట్టు మిషన్ ద్వారా మా కుటుంబాన్ని నడుపుతుంది. అక్టోబర్ 2020 లో, మూసీ యొక్క వరద నీరు మా ఇంటిలోకి ప్రవేశించింది, ఇది నా జీవితాన్ని మార్చిన ఒక సంఘటన. కుట్టు మిషన్ నీటి చేత ముంచబడింది మరియు మూడు నెలల వరకు ఏ పని చేయబడలేదు. నేను ఆశ్చర్యపోయాను ఎందుకు నీరు మా వీధిలోకి వస్తుంది. నేను సివిల్ ఇంజనీరింగ్ ను ఎంచుకున్నాను ఎందుకంటే నేను నీటి సమస్యల పట్ల మక్కువ కలిగి ఉన్నాను. 1908 లో వరద తరువాత నా నగరంలో ఉస్మాన్ సాగర్ మరియు హిమాయత్ సాగర్ విశ్వేశ్వరయ్య చేత నిర్మించబడ్డాయి. ఈ స్కాలర్‌షిప్ నాకు ఇవ్వబడినట్లయితే, అది నా కలల వైపు ఒక అడుగు అవుతుంది మరియు నేను సమాజానికి తిరిగి ఇవ్వగలుగుతాను."

ముందుగా 'బడు'. జన్మించబడిన, ముంచబడింది, చేయబడలేదు, నిర్మించబడ్డాయి, ఇవ్వబడినట్లయితే: ఒక్క పేరాలో ఐదు ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా "అన్నం వండబడింది, రా" అంటారా? "అన్నం అయింది, రా" అంటారు. తెలుగులో పని చేసినవాళ్లను చెప్పక్కర్లేనప్పుడు వాళ్లను వదిలేసి క్రియను మామూలుగానే ఉంచుతాం. "చెరువులు కట్టారు" అంటే చాలు. "మిషన్ మునిగింది" అంటే చాలు, ముంచింది నీళ్లేనని ఎవరికైనా తెలుస్తుంది. పుట్టడమైతే మనమే పుడతాం, ఎవరి చేతా 'జన్మించబడం'.

'మరియు' ఐదుచోట్ల ఉంది. రెండు పేర్లను కలపాలంటే మధ్యలో కామా సరిపోతుంది, లేదా చివరి అచ్చును సాగదీస్తే సరి: అమ్మా, నేనూ. రెండు పనులను కలపాలంటే మొదటి క్రియను 'చేసి', 'వచ్చి' అని మార్చి రెండోదానికి ముందు పెట్టాలి. 'యొక్క' రెండుచోట్ల ఉంది, రెండూ తీసేశాను. 'మూసీ నీళ్లు' అంటే ఎవరి నీళ్లో అందులోనే ఉంది. 'ఒక విద్యార్థిని, ఒక దర్జీ, ఒక సంఘటన' అని ప్రతి పేరుకూ 'ఒక' తగిలించావు. అది ఇంగ్లిష్ అలవాటు. తెలుగులో ఒకటా రెండా అని లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడే 'ఒక' కావాలి.

ఇంకో చిన్న విషయం, నాకు చాలా ముఖ్యమనిపించింది. "నా తల్లి" అని రాశావు. మన దగ్గర అమ్మను అలా అనరు. అక్కాచెల్లెళ్లు లేని ఒక్కతే కూతురైనా "మా అమ్మ" అనే అంటుంది. "నా నగరం" కూడా అంతే. చదివేవాళ్లది కూడా హైదరాబాదే కాబట్టి "మన నగరం" అనాలి. అదే మీ వీధి దగ్గరికి వచ్చేసరికి "మా వీధి". వాళ్లు అక్కడ ఉండరు కదా. మన, మా అనే తేడా ఇంగ్లిష్‌లో లేదు, తెలుగులో ఉంది. ఉన్నదాన్ని వాడుకుంటే నీ పేరా వాళ్లను నీ పక్కన కూర్చోబెడుతుంది.

"ఆశ్చర్యపోయాను ఎందుకు నీరు వస్తుంది" దగ్గర అర్థమే మారిపోయింది. నువ్వు అనుకున్నది, "ఎందుకు వస్తాయా అని ఆలోచనలో పడ్డాను" అని. ఆశ్చర్యపోవడం వేరు. నాలా కాలువ పక్కన ఉండేవాళ్లు నీళ్లొస్తే ఆశ్చర్యపోరు, భయపడతారు. చివర్లో "సమాజానికి తిరిగి ఇవ్వగలుగుతాను" అన్నావు. తెలుగులో చదివితే స్కాలర్‌షిప్ డబ్బు వెనక్కి కడతావేమో అనిపిస్తుంది. ఏం చేస్తావో ఆ పనే చెప్పు. "మక్కువ కలిగి ఉన్నాను" కూడా తీసేశాను. ఇష్టమని చెప్పుకోవడం కంటే ఆ ప్రశ్న నిన్ను ఎన్నాళ్లుగా పట్టుకుని ఉందో చెబితే వాళ్లకే తెలుస్తుంది.

విశ్వేశ్వరయ్య వాక్యంలో వ్యాకరణంతోపాటు విషయం కూడా సరిచేయాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చాక నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. నది పైభాగంలో జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన సూచించారు. కట్టింది ప్రభుత్వం. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. పైగా ఆ రెండూ అప్పటి నగరంలో లేవు, నగరానికి ఎగువన ఉన్నాయి. నీ చదువుకు సంబంధించిన మాటే కాబట్టి ఇక్కడ పొరపాటు ఉండకూడదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి ఎంతోమంది ప్రాణాలు దక్కించుకున్న సంగతి కూడా రాయనా అని అడిగావు కదా. నాకు ఎంతో ఇష్టమైన సంగతి అది. కానీ ఈ పేరాలో వద్దు. ఇది మీ ఇంటి కథ, ఆ చెట్టు వచ్చిందంటే చూపు అటు పోతుంది.

ఇప్పుడు అసలు మాట. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చినప్పుడు ఆ రాత్రి గురించి చెప్పావు. నీళ్లు గడప దాటుతుంటే మీ అమ్మ ముందు మిషన్ జోలికి పోలేదు. కుట్టమని జనం ఇచ్చిన జాకెట్ గుడ్డలు, ఫాల్ వేయాల్సిన చీరలు మూటకట్టి సజ్జ మీదికి ఎక్కించింది. "అవి మనవి కావు" అందట. మిషన్ దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి, ఇద్దరూ కలిసి ఎత్తబోతే లేవలేదు. నువ్వు చెబుతుంటే నా చాయ్ చల్లారిపోయింది. అంత సంగతి నీ దగ్గర ఉంచుకుని, వ్యాసంలో "నా జీవితాన్ని మార్చిన ఒక సంఘటన" అని రాశావు. ఆ మాట ఎవరి వ్యాసంలోనైనా ఉంటుంది. సజ్జ మీది మూట నీ వ్యాసంలోనే ఉంటుంది. అందుకే దాన్ని తెచ్చి మధ్యలో పెట్టాను. నువ్వు చెప్పనిదేదీ చేర్చలేదు.

వాక్యాల వరస కూడా మార్చాను. నువ్వు ఫలితం ముందు, కారణం తర్వాత పెట్టి 'ఎందుకంటే' అని కలిపావు. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతే 'ఎందుకంటే' అక్కర్లేదు, 'అందుకే' ఒక్కటి చాలు. మొదట నేను మొత్తం వరదను ఒకే పెద్ద వాక్యంలో కుదించి చూశాను. చదివితే ఊపిరి ఆడలేదు. మళ్లీ విడగొట్టాను.

ఇదిగో దిద్దిన పేరా:

"మాది మూసారాంబాగ్‌లో, మూసీకి దగ్గరగా చిన్న ఇల్లు. మా అమ్మ బట్టలు కుడుతుంది. ఆ కుట్టు మిషనే మాకు ఆధారం. 2020 అక్టోబరులో ఎడతెగకుండా వాన కురిసిన రాత్రి నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. అమ్మ ముందుగా, జనం కుట్టమని ఇచ్చిన బట్టలను మూటకట్టి సజ్జ మీదికి ఎక్కించింది. 'అవి మనవి కావు' అంది. మిషన్ దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి. ఇద్దరం కలిసి ఎత్తినా అది లేవలేదు. ఆ తర్వాత మూడు నెలలు మా ఇంట్లో మిషన్ చప్పుడు వినపడలేదు. అప్పుడు నేను పదో తరగతి. పెద్ద వాన పడితే మా వీధిలోకే నీళ్లు ఎందుకు వస్తాయన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదల్లేదు. 1908 వరద తర్వాత మన నగరాన్ని కాపాడడానికి విశ్వేశ్వరయ్యగారి సూచనతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారని చదివాను. నదికి అంత ఆలోచించిన నగరంలో, మా బస్తీ పక్కన పారే నాలా గురించి కూడా ఎవరో ఒకరు ఆలోచించాలనిపించింది. అందుకే సివిల్ ఇంజినీరింగ్‌లో చేరాను. ఈ స్కాలర్‌షిప్ వస్తే నా ఫీజు కోసం అమ్మ అర్ధరాత్రి దాకా మిషన్ తొక్కాల్సిన అవసరం ఉండదు. చదువయ్యాక వాన నీటి కాలువల పని నేర్చుకుని, మా వీధి నుంచే మొదలుపెడతాను."

'నేను' నీ ప్రతిలో ఐదుసార్లు వచ్చింది, ఇందులో ఒక్కసారే ఉంది. చేరాను, చదివాను అంటే నువ్వేనని క్రియే చెబుతుంది. అయినా మొదటిదానికంటే ఇందులోనే నువ్వు ఎక్కువ కనిపిస్తున్నావు.

నాలా గురించిన వాక్యం ఒక్కటి నాకు ఇంకా అనుమానంగా ఉంది. ఆదివారం నువ్వన్న మాటలనే కూర్చాను కానీ, అందులో నా గొంతు కలిసిందేమో. నీకు అలా అనిపిస్తే తీసేయ్, దాని ముందూ వెనకా అతుక్కుంటాయి. ఏ మాటైనా సరే, ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేదే ఉంచు. "వదల్లేదు" బదులు "వదలలేదు" అని రాసినా తప్పులేదు, నీకు ఏది నోటికి వస్తే అది.

టైపింగ్‌లో ఒక జాగ్రత్త. 'హైదరాబాద్ లో', '2020 లో', 'ఇంజనీరింగ్ ను' అని విడివిడిగా కొట్టావు. లో, కు, ను, తో ఎప్పుడూ ముందు మాటకు అతుక్కునే ఉండాలి. ఫోన్ కీబోర్డు సూచన నొక్కగానే ఖాళీ అదే వేస్తుంది, వెనక్కి వెళ్లి తీసేయాలి. తేదీని కూడా మనం 'అక్టోబర్ 2020' అని కాకుండా '2020 అక్టోబరు' అని రాస్తాం.

పంపేముందు ఇది మీ అమ్మకు చదివి వినిపించు. మిషన్ ఆగింది మూడు నెలలేనా, నీళ్లు మోకాళ్ల దాకానా ఇంకా పైకా, ఆమెకే బాగా గుర్తుంటుంది. సజ్జ మీది మూట సంగతి పదిమంది చదవడం తనకు ఇష్టమో కాదో కూడా అడుగు. వద్దంటే నాకు ఫోన్ చెయ్, ఆ రెండు వాక్యాలు వేరేగా రాద్దాం. ఫారానికి సోమవారం ఆఖరు అన్నావు. శనివారం సాయంత్రం లోపు నీ చేత్తో ఒకసారి తిరగరాసి పంపు, ఆదివారం పొద్దున చూసి ఇచ్చేస్తాను.

మీ తెలుగు సార్