నాంది: ‘తూగని తక్కెడ’ పద్యనాటకం

(తెర దించే ఉంటుంది. తెర ముందు కుందెలో దీపం. తెర వెనుక హార్మోనియం మీద ఒకే స్వరం సన్నగా నిలిచి ఉంటుంది. సూత్రధారుడు వచ్చి దీపం వత్తి ఎగదోసి, వేలికి అంటిన నూనెను ఉత్తరీయానికి తుడుచుకోబోయి ఆగి, చేతులు జోడిస్తాడు.)

సూత్రధారుడు:

ఉ. శ్రీల నొసంగి యీ సభకు శీతలదృష్టులతోడ జూచుచున్
దాలిమి దంతమున్ విరిచి దాని గలమ్ముగ బట్టి వేగమే
కాలము దాటునట్లు కథ గట్టిన దేవుడు బొజ్జ యూగగా
నేల విలంబ మంచు దెర యెత్తగ నానతి యిచ్చు గావుతన్!

సభకు నమస్కారం. పద్యం ‘శ్రీ’తో మొదలైందని గమనించే ఉంటారు. కావ్యం తలుపు ఆ అక్షరంతో తీస్తే శుభమని పెద్దల నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, పాడేవాడికి మాత్రం ఆ దీర్ఘం మీద గొంతు కుదురుకునే వీలు దొరుకుతుంది. వినాయకుడు అడ్డంకులు తొలగించేస్తాడు. కానీ మాట మరిచిపోయిన నటుణ్ణి ఆదుకోవలసింది చదువులతల్లి.

తే. పలుకుతల్లివి నీవమ్మ, పాత్రధారి
నాల్కచివరను గూర్చుండి నాట్యమాడు;
మరచిపోయిన చోటునన్ మాటునుండి
మొదటి యక్షర మందించి ముందు నడుపు.

(తెర వెనుక నుంచి మృదంగం మీద ఒక దెబ్బ. సూత్రధారుడు అటు తిరిగి నవ్వుతాడు.)

అవునయ్యా, మిమ్మల్ని మరచిపోలేదు.

ఆ. శ్రుతియె తల్లి యండ్రు, సొగసైన లయ తండ్రి;
తల్లి యలుగకుండ, తండ్రి నిలువ,
హరుని డమరు వొకటి యందెల రవళితో
నాంది పలికి మాకు నడక నేర్పు.

నటి: (పక్కనుంచి వస్తూ) ఆర్యా, దేవతలందరూ అయ్యారు. పూర్వకవులను తలచుకోవద్దా? పద్యాలు వారివి కాకపోయినా పద్యం వారిదే కదా!

సూత్రధారుడు: బాగా గుర్తుచేశావు.

కం. నన్నయ తిక్కన యెఱ్ఱన
మున్ను నడచినట్టి బాట ముండ్లేరిరిగా!
చిన్నవి నా యడుగులు, నే
నన్నల జాడలను బట్టి యరిగెద నెలమిన్.

నటి: తరువాత కుకవినింద ఉండాలి. వరుస తప్పకూడదు.

సూత్రధారుడు: అది మాత్రం వదిలేద్దాం. ఆ జాబితా మొదలుపెడితే మొదటి పేరు ఎవరిదని సభ అడుగుతుంది. నిన్న మూడో అంకంలో నేను రాసిన సీసపద్యం విని నువ్వే కదా తల పట్టుకున్నావు!

నటి: తల పట్టుకున్నది యతి తప్పినందుకు కాదు, మీరు తప్పలేదని వాదించినందుకు. సరే, కథ సూచించండి. ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం, ఈ మూడింటిలో ఏదో ఒకటి కావ్యానికి ముఖమన్నాడు దండి. మొదటి రెండూ అయ్యాయి.

సూత్రధారుడు: మూడోదీ వినిపిస్తాను. ఇది మహాభారతం చెప్పే శిబి చక్రవర్తి కథ. డేగ రూపంలో వచ్చినవాడు ఇంద్రుడు, పావురమై వచ్చినవాడు అగ్ని. అది మీకు తెలుసు, నాకు తెలుసు. తెలియనిది రాజుకొక్కడికే. ఈ నాటకానికి ప్రాణం అదే.

తే. గువ్వ యొకవంక తూగుచు గుండెదడల,
రాజు తొడకండ మొకవంక రాశి గాగ,
తూగలేదయ్యె ముల్లది, తుదకు తానె
త్రాసుపళ్ళెర మెక్కిన దాత కథయె!

నటి: ఆ త్రాసు గొలుసు ఒకపక్క తెగితే మధ్యాహ్నం పురికొసతో ముడివేశారు. రాజుగారు కాస్త మెల్లగా ఎక్కాలని మనవి చేశారా?

సూత్రధారుడు: రెండుసార్లు చెప్పాను. (గొంతు తగ్గించి) మన పావురం ఏం చేస్తోంది?

నటి: రెక్కలు కట్టించుకుని, పెట్టె మీద కూర్చుని నిద్రపోతోంది. పదేళ్ల పిల్లాడు, పొద్దున్నే లేచాడు. డేగ వేషధారి పక్కనే కూర్చుని విసురుతున్నాడు.

సూత్రధారుడు: (పెద్దగా నవ్వి) డేగ విసురుతోందా! కథ కంచికి ఇప్పుడే వెళ్లేలా ఉంది. త్వరగా లేపు. ఈలోగా సభవారికి ఒక విన్నపం.

ఆ. చేతిఫోను లింతసేపు జోకొట్టుండు;
చిన్నపాప లేడ్వ సిగ్గుపడక
యెత్తుకొనుచు లేచి యింతలో మరలండు;
త్రాసు నెక్కు వేళ దాటిపోదు!

(నటి తెర వెనక్కి వెళ్తుంది. పిల్లాడి ఆవులింత, ఎవరో ‘ష్’ అనడం వినిపిస్తాయి. హార్మోనియం స్వరం మారుతుంది.)

సూత్రధారుడు: (తెర వైపు తిరిగి) రాజసభ సిద్ధమేనా?

లోపలి నుంచి: సిద్ధం!

సూత్రధారుడు: పావురం?

లోపలి నుంచి, పిల్లాడి గొంతు: లేచాను!

(సూత్రధారుడు దీపాన్ని పక్కకు జరిపి నిష్క్రమిస్తాడు. తెర లేస్తుంది.)