చెరువు నీళ్లు ఎటు పోయాయి?

ఉపాధ్యాయునికి

అనంతపురం జిల్లాలోని ఒక ఆరో తరగతి కోసం రాసిన జలచక్రం పఠన పాఠం ఇది. మూడు రూపాలలోనూ విషయం ఒకటే, చివరి ప్రశ్నలూ అందరికీ ఒకటే. మారేవి వాక్యం పొడవు, పదాల బరువు, కారణాల లోతు మాత్రమే. ‘మబ్బు’ కూడబలుక్కుని చదివేవారికి, ‘చినుకు’ ధారాళంగా చదివేవారికి, ‘వాగు’ పాఠ్యపుస్తకం దాటి చదవగలవారికి ఇవ్వండి. ఏది తేలికో, ఏది కష్టమో తరగతిలో ప్రకటించకండి; అంకెలకు బదులు పేర్లు పెట్టింది అందుకే.

మబ్బు

మన ఊరి చెరువు వానలకు నిండింది. ఎండాకాలం వచ్చింది. చెరువులో నీళ్లు తగ్గాయి. ఆ నీళ్లు ఎటు పోయాయి?

కొన్ని నీళ్లు పొలాలకు పారాయి. కొన్ని నేలలోకి ఇంకాయి. కొన్ని ఎండకు ఆవిరి అయ్యాయి. ఆవిరి మన కంటికి కనిపించదు. అది గాలిలో కలిసి పైకి పోతుంది. పైన గాలి చల్లగా ఉంటుంది. అక్కడ ఆవిరి చల్లబడి సన్నని నీటి తుంపరలు అవుతుంది. ఆ తుంపరల గుంపే మబ్బు. తుంపరలు కలిసి పెద్దవి అవుతాయి. బరువెక్కి కింద పడతాయి. అదే వాన. వాన నీళ్లు వాగులోకి, చెరువులోకి, నేలలోకి చేరతాయి. నీళ్లు ఇలా తిరుగుతూనే ఉంటాయి. దీనిని జలచక్రం అంటారు.

చినుకు

వానలకు నిండిన మన చెరువు మే నెలకల్లా అడుగంటుతుంది. అందులోని నీరు కొంత కాలువల ద్వారా పొలాలకు పోతుంది, కొంత నేలలోకి ఇంకి భూగర్భ జలంగా మారుతుంది, కొంత ఎండ వేడికి ఆవిరి అవుతుంది. నీరు ఆవిరిగా మారడాన్ని బాష్పీభవనం అంటారు. పొలానికి పోయిన నీరు కూడా అక్కడే ఉండిపోదు. వేరుశనగ మొక్క వేళ్లతో పీల్చుకున్న నీటిలో ఎక్కువ భాగాన్ని ఆకులలోని సన్నని రంధ్రాల ద్వారా ఆవిరిగా గాలిలోకి వదులుతుంది, ఇది బాష్పోత్సేకం.

ఆవిరి పైకి పోయి చల్లబడినప్పుడు, గాలిలోని దుమ్ము కణాల చుట్టూ నీటి తుంపరలుగా మారుతుంది. దీనిని సాంద్రీకరణం అంటారు. చల్లని నీళ్లు పోసిన చెంబు వెలుపల చెమర్చడం కూడా ఇదే పని. మేఘంలోని తుంపరలు కలిసి బరువెక్కి వానగానో, వడగళ్లుగానో పడితే అది అవపాతం.

వాగు

భూమిపై ఉన్న నీటిలో దాదాపు 97 శాతం సముద్రాలలోనే ఉంది కాబట్టి, గాలిలోకి చేరే ఆవిరిలోనూ అధిక భాగం అక్కడి నుంచే వస్తుంది. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు సముద్రంలోనే మిగిలిపోతుంది. అందువల్ల వాన నీరు ఉప్పగా ఉండదు. మన చెరువు నుంచి లేచిన ఆవిరి నశించదు గానీ, అది మన చెరువులోనే వానగా కురవాలన్న నియమమూ లేదు, ఎందుకంటే గాలి దానిని ఎక్కడికైనా మోసుకుపోగలదు.

అనంతపురంలో వాన తక్కువగా పడడానికి ఒక ముఖ్య కారణం కూడా గాలి నడకలోనే ఉంది. అరేబియా సముద్రం మీదుగా తేమతో వచ్చే నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలకు తగిలి పైకి లేస్తాయి. పైకి లేచిన గాలి చల్లబడి, తన తేమలో చాలా భాగాన్ని కొండల పడమటి వైపునే కురిపిస్తుంది. ఆ గాలి తూర్పు వైపు దిగేటప్పుడు వేడెక్కి పొడిబారుతుంది. ఇలా వాన తగ్గిన ప్రాంతాన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. మన జిల్లాకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది.

పడిన వానలో ఇంకిన భాగం మన నేల కింది గట్టి రాతి పగుళ్లలో నిలిచి బావులకు, బోర్లకు అందుతుంది. ఇంకకుండా పారిన నీరు వాగుల గుండా పెన్నలో కలుస్తుంది. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టిన పెన్న మన ప్రాంతాన్ని, కడపను, నెల్లూరును దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది; అక్కడ మళ్లీ బాష్పీభవనం జరుగుతుంది.

అందరికీ ప్రశ్నలు

1. చెరువులో నీరు తగ్గడానికి ఉన్న మూడు దారులు ఏవి?

2. పొలానికి పారిన నీరు మళ్లీ గాలిలోకి ఎలా చేరుతుంది? ‘చినుకు’ చదివిన వారిని అడిగి తెలుసుకోండి.

3. పడమటి కనుమలకు అవతల జోరుగా కురిసిన వాన మన దగ్గర ఎందుకు తగ్గుతుంది? ‘వాగు’ చదివినవారు నల్లబల్లపై బొమ్మ గీసి మిగతావారికి వివరించండి.

4. మే నెలలో చెరువు ఎండిపోయినా బోరులో నీళ్లు వస్తున్నాయి. అవి ఎప్పుడు పడిన వాననీళ్లు అయి ఉండవచ్చు?