ఏడో అధ్యాయం ‘మత్తడి దుంకిన రాత్రి’: చర్చా ప్రశ్నల నిచ్చెన

తొమ్మిదో తరగతి, హనుమకొండ. పేజీలు 88–101. కథ ఇది: చెరువు కట్ట తెగేలా ఉన్న రాత్రి, చెరువు నీళ్లు చూసుకునే నీరటి మల్లయ్య పటేలు మాట కాదని మత్తడి పక్కన గండి కొట్టాడు. ఊరు నిలిచింది, లచ్చవ్వ ఇల్లు పోయింది. వరుసగా రెండు పీరియడ్లు, మొత్తం 90 నిమిషాలు. పిల్లలు 32 మంది, నలుగురేసి చొప్పున ఎనిమిది జట్లు. జట్టుకొక పుస్తకమైనా బల్ల మీద తెరిచి ఉండాలి. పుస్తకం మూసి చేసే చర్చ మూడో మెట్టు దాటదు.

పాఠం చెప్పేవారికి ఒక్క మాట. మూడు, నాలుగు మెట్లలోని చాలా ప్రశ్నల చివర, వాటికి అవసరమైన కింది ప్రశ్నల సంఖ్యలు ఇచ్చాం. పైన చర్చ ఆగిపోతే కొత్త ప్రశ్న వేయకండి, ఆ సంఖ్యకు దిగి మళ్లీ అడగండి. ఆగిపోవడానికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

మొదటి మెట్టు: కథలో ఏం జరిగింది (10 నిమిషాలు)

1. వాన ఎన్నాళ్ల నుంచి పడుతోంది? మల్లయ్య కట్ట ఎక్కేసరికి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? (మూడు రోజులు. మత్తడి రాళ్లకు జానెడు తక్కువ. పే. 88)
2. నీరటి మల్లయ్యకు ఏడాది గింజలు ఎవరు కొలిచిస్తారు? (కళ్లం కాడ పటేలు. పే. 89)
3. “తెల్లారేదాక ఆగు” అని పటేలు ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ అన్నాడు? (రెండుసార్లు. పే. 91లో ఇంటి అరుగు మీద, పే. 95లో కట్ట మీద.)
4. గండి కొట్టకముందు మల్లయ్య కొడుకు ఐలయ్యను ఎవరింటికి పంపాడు? ఏం చెప్పమన్నాడు? (లచ్చవ్వ ఇంటికి. “మేకల ఇప్పుకొని గుట్టకు పొమ్మను” అని. పే. 97)
5. తెల్లారేసరికి ఏమేం పోయాయి? (పటేలు ఆరెకరాల వరి, లచ్చవ్వ ఇల్లు, రెండు మేకలు. పే. 100)

ఈ ఐదూ చాలు. పటేలు కండువా రంగు, లాంతరు ఎవరు పట్టుకున్నారు వంటివి అడగొద్దు, పైన ఎక్కడా పనికిరావు. జట్టుకొక జవాబు నోటితో చెప్పించి, బోర్డు మీద ఎడమ పక్క రాసి ఉంచండి. చివరిదాకా చెరపొద్దు.

రెండో మెట్టు: అర్థమైందా (15 నిమిషాలు)

6. కట్ట, తూము, మత్తడి, పటేలు పొలం, లచ్చవ్వ ఇల్లు, ఊరు: ఈ ఆరింటినీ పెట్టి చెరువు బొమ్మ గీయండి. గండి కొట్టాక నీళ్లు పోయిన దారిని బాణంతో చూపండి. (పే. 88, 96–98)
7. కట్ట తెగడానికీ, మత్తడి పక్కన గండి కొట్టడానికీ తేడా ఏమిటి? ఈ రెంటిలో ఊరి మీదికి నీళ్లు వచ్చేది దేనివల్ల?

ఆరో ప్రశ్నను తొందరపడి దాటించొద్దు. పట్నం పిల్లల్లో చాలామంది తూమునూ మత్తడినీ ఒకటే అనుకుంటారు. పొలానికి అవసరమైనంత నీళ్లు కింది నుంచి వదిలేది తూము. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లి పోయేది మత్తడి. భద్రకాళి చెరువో వడ్డేపల్లి చెరువో చూసిన పిల్లలు ఉంటే వాళ్లతోనే చెప్పించండి. బొమ్మ తప్పితే పదమూడో ప్రశ్నలో “పటేలు మీద కోపంతో గండి కొట్టాడు” అనే జవాబు వస్తుంది. గండి ఎక్కడ పడాలో నేల వాలే చెప్పిందని, అందులో కక్షకు చోటు తక్కువని బొమ్మ చూస్తేనే తెలుస్తుంది.

మూడో మెట్టు: రాయనిది చదవడం (30 నిమిషాలు)

8. పేజీ 94లో మల్లయ్య తూము పక్కన ఊరుతున్న నీళ్లను దోసిట పట్టి లాంతరు దగ్గర చూశాడు. ఏం చూశాడు? ఆ తర్వాత అతని నడక ఎందుకు మారింది? (6, 7)

ఈ అధ్యాయం మొత్తం ఆ దోసిలి మీదే నిలబడింది. ఊట నీళ్లు తేటగా ఉంటే కట్టకు అంత భయం లేదు. మురికిగా ఉంటే నీళ్లతో పాటు లోపలి మట్టి కూడా కొట్టుకొస్తోందన్నమాట, కట్ట లోపలి నుంచే గుల్లవుతోంది. రచయిత “ఎర్రగా ఉన్నయి” అని రెండే మాటలు రాసి వదిలేశాడు. పిల్లలు అది దాటేసి ‘వాన ఎక్కువైంది కాబట్టి భయపడ్డాడు’ అంటారు. అప్పుడు అడగండి: వాన సాయంత్రం కూడా అంతే ఉంది కదా, అప్పుడెందుకు భయపడలేదు? జవాబు మీరు చెప్పేయకండి. ఒక నిమిషం మౌనంగా ఉన్నా పర్వాలేదు.

9. పటేలు రెండుసార్లు అన్నది ఒకే మాట. ఆ రెంటి మధ్య ఏం మారింది? ఏం మారలేదు? (3, 8)
10. మల్లయ్య రెండోసారి పటేలుకు జవాబివ్వకుండా పార అందుకున్నాడు. ఆ మౌనానికి కారణం భయమా, తేల్చుకోవడమా? పుస్తకంలో ఏ వాక్యం మీకు ఆధారం? (2, 3)
11. లచ్చవ్వకు మేకల సంగతి చెప్పి, గండి సంగతి ఎందుకు చెప్పలేదు? కనీసం రెండు కారణాలు ఊహించి, వాటిలో పుస్తకం దేనికి బలమిస్తోందో చూపండి. (4)
12. కథంతా పన్నెండేళ్ల ఐలయ్య కళ్లతోనే నడిచింది. దీనివల్ల మనకు తెలియకుండా పోయినవి ఏవి?

పన్నెండో ప్రశ్నకు “ఐలయ్య చిన్నోడు కాబట్టి అర్థం కాలేదు” అనే జవాబుతో ఆపకండి. మల్లయ్య మనసులోకి మనం ఒక్కసారీ వెళ్లలేదని పిల్లలు పేజీలు తిరగేసి కనుక్కోవాలి. పదకొండో ప్రశ్నకు ఖాయమైన జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

నాలుగో మెట్టు: తీర్పు (30 నిమిషాలు)

“మల్లయ్య చేసింది మంచిదేనా?” అని అడిగితే అవును, కాదు అని రెండు అరుపులు వస్తాయి, అంతే. కొలబద్ద ఏదో ప్రశ్నలోనే ఉండాలి.

13. ఆ రాత్రి మల్లయ్యకు తెలిసినంత మేరకే లెక్కలోకి తీసుకుంటే, పటేలు మాట కాదని గండి కొట్టడం సరైన నిర్ణయమేనా? (1, 7, 8, 9)

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. పిల్లలు పేజీ 100లో తెల్లారి ఏం జరిగిందో చూసి తీర్పు చెబుతారు. ఊరు నిలిచింది కాబట్టి సరైనదే అంటారు. ఐదో ప్రశ్న జవాబును బోర్డు మీద చేత్తో మూసి, ‘ఇది అతనికి తెలియదు’ అనండి. చర్చ అప్పుడు మొదలవుతుంది.

14. గండి కొట్టడం సరైనదే అనుకుందాం. లచ్చవ్వను అడగకపోవడం కూడా అందులో కలిసిపోతుందా, లేక విడిగా తూచాల్సిన తప్పా? పటేలు నష్టానికీ లచ్చవ్వ నష్టానికీ ఒకటే తూకమా? (4, 5, 11)

15. “నా ఇల్లు నన్నడిగి తెంపినవారా?” అన్న లచ్చవ్వ మాటతో అధ్యాయం ఆగిపోయింది. మల్లయ్య జవాబు కూడా రాసి ఉంటే అధ్యాయానికి బలం పెరిగేదా, తగ్గేదా? (12)

పదిహేనోది పాత్ర మీద కాదు, రచన మీద తీర్పు. ‘బాగుంది’ అంటే ఒప్పుకోవద్దు. మల్లయ్య నోట ఒక జవాబు వాక్యం రాయించి, దాన్ని చివర చేర్చి పైకి చదివించండి. తేడా చెవికి తెలుస్తుంది.

జవాబు ఏ స్థాయిలో ఉందో పోల్చుకోవడానికి, పద్నాలుగో ప్రశ్నకు రెండు నమూనాలు:

బలహీనం: “మల్లయ్య లచ్చవ్వను అడగాల్సింది. అడగకపోవడం తప్పు. పేదవాళ్లను అందరూ ఇట్లనే చేస్తారు.”

బలమైనది: “పటేలుకు రెండుసార్లు చెప్పే సమయం దొరికింది (పే. 91, 95). లచ్చవ్వ ఇంటికి ఐలయ్యను పంపే సమయమూ దొరికింది (పే. 97). కాబట్టి సమయం లేక చెప్పలేదు అనలేం. మేకలను కాపాడాలనుకున్నాడు, మాట అడగాలనుకోలేదు. గండి కొట్టడాన్ని ఒప్పుకుంటాను, ఇది ఒప్పుకోను. అయితే చెబితే ఆమె కదలకుండా కూర్చునేదేమో అన్న భయం అతనికి ఉండి ఉంటే నా మాట మార్చుకుంటాను. కానీ ఆ భయం పుస్తకంలో కనబడలేదు.”

రెండోదానికి ఎక్కువ మార్కులు ఇచ్చేది తీర్పును చూసి కాదు. పేజీ చూపింది, ఎదుటి వాదనను తానే తెచ్చింది, ఏం తెలిస్తే మనసు మార్చుకుంటుందో చెప్పింది. దీనికి పూర్తి విరుద్ధమైన తీర్పు రాసినవారికీ ఈ మూడూ ఉంటే అవే మార్కులు.

చివరి 5 నిమిషాలు: ప్రతి విద్యార్థీ 13, 14లో ఒకటి ఎంచుకొని, కనీసం ఒక పేజీ సంఖ్యతో నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాలి. పేరు కాగితం వెనక. చీటీలను ఎనిమిదో అధ్యాయం మొదలుపెట్టేలోపు తిరిగి ఇవ్వండి.