12-06-2025 రాత్రి చాట్: ఘటనల క్రమం

అనంతపురం, 16-06-2025

అంతర్గత కమిటీ అధ్యక్షురాలు గారికి,

లైంగిక వేధింపులపై నేను ఇస్తున్న ఫిర్యాదుకు జతచేసిన స్క్రీన్‌షాట్‌లో మా బ్రాంచ్ మేనేజర్ నాకు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లు ఉన్నాయి. ఆయన పేరు ఫిర్యాదులో ఉంది, ఇక్కడ ‘ఆయన’ అనే రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చాను, మాట మార్చలేదు.

అంతకుముందు (స్క్రీన్‌షాట్‌లో లేదు): సాయంత్రం 6:20 ప్రాంతంలో కళ్యాణదుర్గం విజిట్ రిపోర్టు ఆయన టేబుల్ మీద పెట్టి ఇంటికి వెళ్లాను.

రాత్రి 9:47, ఆయన: “రిపోర్టు చూసినా. బాగా రాసినావు.”
9:49, నేను: “థాంక్యూ సార్.”
9:52, ఆయన: “పొద్దున కట్టుకున్న పచ్చ చీర ఇంకా బాగుంది. కళ్ల ముందర నుంచి పోవడంల్యా.”

దీనికి నేను జవాబివ్వలేదు.

10:06, ఆయన: “ఏం, మాట పడిపోయిందా?”
10:08, నేను: “సార్, ఆఫీసు పని ఉంటే చెప్పండి. ఇట్లాంటి మెసేజ్‌లు పెట్టొద్దండి.”
10:11, ఆయన: “పనే చెప్తాండా. శనివారం తాడిపత్రి విజిట్‌కు నా కార్లో రా. ఇద్దరమే పోదాం. రాత్రికి ఆడే ఉందాం.”
10:12, నేను: “రాను సార్.”
10:19, ఆయన వైపు: This message was deleted. నేను చదవకముందే తీసేశారు. అందులో ఏముందో నాకు తెలియదు, ఊహించి రాయను.
10:24, ఆయన: “నీ కన్ఫర్మేషన్ ఫైలు ఈ నెల్లో నా టేబుల్ మీదికే వస్తాది. గుర్తు పెట్టుకో.”

నా ప్రొబేషన్ 30-06-2025తో ముగుస్తుంది. ఆ మాట చదివాక నిద్ర పట్టలేదు.

10:31కి స్క్రీన్‌షాట్ తీశాను. ఫోన్ పైభాగంలో ఆ టైమ్ కనిపిస్తుంది. చాట్ మీద తేదీ బదులు Today అని ఉంది, అదే రాత్రి తీశాను కాబట్టి. తేదీ ఫోటో వివరాల్లో చూడవచ్చు. అన్నీ ఒకే స్క్రీన్‌లో పట్టాలని అక్షరాల సైజు తగ్గించాను. అంతకుమించి ఏదీ మార్చలేదు, కత్తిరించలేదు. అసలు చాట్ నా ఫోన్‌లో అలాగే ఉంది, కమిటీ ముందు తెరిచి చూపిస్తాను.

13-06-2025, శుక్రవారం: ఉదయం అకౌంట్స్‌లో పనిచేసే అక్కకు ఫోన్ చూపించాను. ఆమె సాక్ష్యం చెప్తానన్నారు, పేరు, చిరునామా ఫిర్యాదులో ఇచ్చాను. 11:15 ప్రాంతంలో ఆయన కేబిన్‌కు పిలిచి, “సరదాకి పెట్టినాలే, పెద్దది చేయొద్దు” అన్నారు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం, దీనికి సాక్షి లేరు.

14-06-2025, శనివారం: సెలవు పెట్టాను. తాడిపత్రి వెళ్లలేదు.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 నాటి చట్టం నియమాల ప్రకారం ఫిర్యాదు, ఈ కాగితం, స్క్రీన్‌షాట్ ఆరేసి ప్రతులు ఇస్తున్నాను. విచారణ పూర్తయ్యేదాకా నా పనితీరు రిపోర్టు ఆయన రాయకుండా, ఇంకో అధికారికి అప్పగించేలా యాజమాన్యానికి సిఫారసు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఫిర్యాదుదారు
ఫీల్డ్ అసిస్టెంట్, అనంతపురం బ్రాంచ్