మూడు అంకెలు మూడు చోట్ల
(ఇందుకూరుపేట మండల రొయ్య రైతుల సమావేశంలో కీలకోపన్యాసం)

అందరికీ నమస్కారం.

తెల్లవారుజామున నాలుగున్నరకి మోటారు షెడ్డు దగ్గర్నించి మా నాయన ఒకటే కేక. "అమ్మాయ్, రొయ్య తేలింది!"

టార్చి పట్టుకుని గట్టెక్కేసరికి గుంట అంచు పొడుగునా మీసాలు కదులుతున్నాయి. టార్చి వెలుగుకి కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. ఆ మెరుపు మీలో చాలామంది చూసుంటారు, చూడని వాళ్లు అదృష్టవంతులు. అరవై రోజుల పంట అది. తర్వాత ఊళ్లో అందరూ అడిగింది ఒకటే, "జనరేటర్ వెయ్యలేదా?" అని. కరెంటు పోలేదండీ. ఏరేటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి.

కథ ఇక్కడ ఆపుతాను. ఈ రోజు నేను సీడ్ గురించి మాట్లాడను. మేత గురించి, రేటు గురించి కూడా మాట్లాడను. రేటు ఎలాగూ మన చేతిలో లేదు. నేను తెచ్చిన మాట ఒక్కటే: గుంటకొక నోటు పుస్తకం పెట్టండి.

ఎందుకంటారా? ఆ వారమంతా మబ్బు. ఎండ లేకపోతే నీళ్లలోని నాచు పగలు ఆక్సిజన్ సరిగా తయారు చేయదు, రాత్రి మాత్రం రొయ్యతో పోటీపడి వాడుకుంటుంది. అందుకే తెల్లారబోయే ముందు నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అదే మన డీవో, అడుక్కి పడిపోతుంది. ఇది మాకు తెలియక కాదు, రోజూ నాలుగింటికి మీటరు పెట్టి చూస్తూనే ఉన్నాం. మొదటి రోజు 5.1. అది నా ఫోన్‌లో మెసేజ్‌గా ఉంది. రెండో రోజు 4.3. అది మేత బస్తా మీద బొగ్గుతో రాసి ఉంది, బస్తా ఖాళీ కాగానే మడిచి మూలన పడేశారు. మూడో రోజు 3.4. అది కాపలా మనిషి తలలో ఉంది. ఇంకో ఏరేటర్ వేశాడు, తెల్లారాక చెబుదామనుకుని మర్చిపోయాడు. పాపం, అతన్నేమనగలం, రాసుకునే చోటు మేం చూపిస్తే కదా!

నాలుగో తెల్లవారుజామున మా నాయన కేకేశాడు. దొరికిన రొయ్యని ఆ రోజే పట్టి, అడిగిన రేటుకి ఇచ్చేశాం.

ఆ మూడంకెలూ ఒకే కాగితం మీద కిందికి కిందికి దిగుతూ కనబడి ఉంటే, రెండో రోజే మేత తగ్గించేవాళ్లం, నీళ్లు మార్చేవాళ్లం. కాగితం ఉండి ఉంటే పంట దక్కేదని ఒట్టేసి చెప్పలేను. రెండు రోజుల టైమ్ మాత్రం దొరికేది.

మీ కుర్చీల మీద తలా ఒక పుస్తకం పెట్టించాను. నాలుగే గడులు: పొద్దున డీవో, పొద్దున పీహెచ్, సాయంత్రం పీహెచ్, చెక్ ట్రేలో మిగిలిన మేత. టీ తాగే లోపు మొదటి పేజీ మీద గుంట పేరు రాయండి. అంకె ఈ రాత్రి నాలుగింటికి.

మా పుస్తకం ఇప్పుడు మోటారు షెడ్డులో మేకుకి వేలాడుతోంది. పెన్ను ఎవరూ జేబులో వేసుకుపోకుండా మా నాయన వల దారంతో కట్టేశాడు.