ముందుపాట

హోసకోట దగ్గరి మా ఊరి భజన గుడిలో వైకుంఠ ఏకాదశి జాగరణకు ముప్పై ఏళ్ళుగా ముందుపాట ఎత్తినవారు నారాయణప్ప మామ. ఆ ఏడు పండుగ మూడు రోజులుందనగా, తెల్లవారుజామున పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళిన ఆయన ఆవు పక్కనే ఒరిగి ప్రాణం విడిచారు.

సూతకంలో ఉన్న ఆ ఇంటివారు గుడి గడప తొక్కరు. భజన మాత్రం ఆపవద్దని అత్త కబురు పంపి, ఆయన పాటల పుస్తకాన్ని గుమ్మం బయట పెట్టించింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివినవాళ్ళం కాబట్టి అందులో తెలుగు పాటలన్నీ కన్నడ లిపిలోనే ఉన్నాయి. అయితే ప్రతి పాటకూ పల్లవి ఒక్కటే రాసి ఉంది. చరణాలన్నీ ఆయన గుండెలోనే ఉండేవి.

నేను హార్మోనియం పెట్టె వాయిస్తాను. మద్దెల మునెప్ప చిన్నాయనది, మిగిలిన తొమ్మిది మందివీ తాళాలు. మామ ఒక పంక్తి పాడితే మేమందరం దానినే తిరిగి పాడేవాళ్ళం. అలా ప్రతి మాటా మా నోట వందలసార్లు పలికిందే. అయినా ఆ రెండు రాత్రుల సాధనలో, ఆయన గొంతు ముందు వినపడకపోయేసరికి, ఏ చరణం తర్వాత ఏది రావాలో ఎవరికీ తోచలేదు. ముందు నడిచేవారి మడమలు చూస్తూ దారి నడిచినవారికి ఆ దారి మలుపులు తెలియవన్న సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

"ఆయన పంక్తి నువ్వు పెట్టె మీద పలికించరా, మేము బదులు పాడతాం," అన్నాడు చిన్నాయన.

ఏకాదశి రాత్రి దీపపు సెమ్మె చుట్టూ నిలబడి అలాగే మొదలుపెట్టాము. పల్లవి గడిచింది, మొదటి చరణమూ గడిచింది. రెండవ చరణానికి నా వేళ్ళు స్వరాన్ని సరిగానే పలికించాయి గాని, బదులు రాలేదు. మళ్ళీ వాయించాను. తాళాలు తడబడి ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. జనం నిశ్శబ్దంగా మా వైపే చూస్తున్నారు. చలిలోనూ నా అరచేతులకు చెమట పట్టింది.

అప్పుడు వీధికి అవతలి నుంచి, దీపం లేని అరుగు మీద నుంచి, ఆ పంక్తి వినిపించింది. గొంతు బొంగురుగా ఉన్నా అక్షరం తప్పలేదు. ముప్పై ఏళ్ళూ వంటింటి నుంచీ కొట్టం నుంచీ మామ సాధనను విన్న అత్త, గుడిలోకి రాకూడని అత్త, చీకట్లో కూర్చుని ఎత్తిన పాట అది.

చిన్నాయన కళ్ళు తుడుచుకోకుండానే మద్దెల మీద చెయ్యి వేశాడు. మేము గుడి ద్వారం వైపు తిరిగి ఆ పంక్తిని అందుకున్నాము. ఆమె తర్వాతి పంక్తి పాడింది.